ఫోటోలోని జాతక చక్రాన్ని చూసి గ్రహాలను సరైన గడుల్లో రాసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జాతకాలు టైప్ చేసే పనిలో ఉన్నాను. సంబంధాల సీజన్ మొదలైతే చాలు, ఫోన్‌కి చక్రాల ఫోటోలు వరసగా వస్తాయి. తాతగారు రాయించిన పసుపు అంచుల కాగితం ఒకటి, కంప్యూటర్ ప్రింటు ఒకటి, చెన్నైలో ఉన్న బంధువులు పంపిన తమిళ చక్రం ఒకటి. వాటితోపాటు అవే సందేహాలు కూడా వస్తాయి. అందుకే ఇక్కడ ఒకచోట రాశాను. ఇది ఫలితాలు చెప్పే పేజీ కాదు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా, తప్పు పడకుండా ఎలా దించుకోవాలన్నదే ఇందులో విషయం.

## ఫోటో దగ్గర

చక్రం వరకే ఫోటో తీసి పంపితే సరిపోతుందా?

సరిపోదు, పేజీ మొత్తం రావాలి. చక్రానికి పైనో కిందో పుట్టిన తేదీ, సమయం, నక్షత్రం, పాదం, జన్మకాల దశ శేషం రాసి ఉంటాయి. గడిలో ఒక అక్షరం అర్థం కానప్పుడు మనల్ని గట్టెక్కించేవి ఆ వివరాలే. కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని, పగటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వేస్తే ప్లాస్టిక్ కవర్ మీద తెల్లటి మచ్చ పడుతుంది, అది సరిగ్గా ఏదో ఒక గ్రహం మీదే పడుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే కొమ్ములు, దీర్ఘాలు చెదరవు.

పేజీలో పక్కపక్కనే రెండు చక్రాలు ఉన్నాయి. ఏది రాసుకోవాలి?

సాధారణంగా ఎడమ పక్క రాశి చక్రం, కుడి పక్క నవాంశ చక్రం ఉంటాయి. మధ్యలో ఖాళీగా ఉన్న పెద్ద గడిలో 'రాశి', 'అంశ' అని రాసి ఉంటుంది. రెండూ రాసుకోండి, కానీ వేర్వేరుగా, పేరు పెట్టి. ఒకదానిలోని గ్రహాన్ని రెండోదానిలో వేయడమే ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు.

పేరు చిరిగిపోయి ఏది ఏదో తెలియకపోతే రవిని, బుధుణ్ణి చూడండి. ఆకాశంలో బుధుడు రవికి 28 డిగ్రీలకు మించి దూరం పోడు. కాబట్టి రాశి చక్రంలో ఈ ఇద్దరూ ఒకే గడిలోనో పక్కపక్క గడుల్లోనో ఉండాలి. ఇద్దరి మధ్య మూడు నాలుగు గడుల దూరం ఉంటే అది నవాంశ అయి ఉంటుంది. నవాంశలో ఒక్కో రాశి తొమ్మిది ముక్కలవుతుంది కాబట్టి దగ్గరగా ఉన్న గ్రహాలు కూడా అక్కడ చెల్లాచెదురవుతాయి. రాహుకేతువులను చూసి మాత్రం తేల్చలేరు. వాళ్లు రెండు చక్రాల్లోనూ ఎదురెదురుగానే ఉంటారు.

ఫోటో అడ్డంగా తిరిగి వచ్చింది. అలాగే చూసి రాసేయొచ్చా?

వద్దు. ముందు అక్షరాలు నిటారుగా నిలబడేలా తిప్పండి. దక్షిణాది చక్రంలో రాశి స్థానాన్ని బట్టే తెలుస్తుంది, గడుల్లో పేర్లుండవు. ఫోటో ఒక పక్కకు తిరిగితే ప్రతి గ్రహమూ మూడు రాశులు జరిగిపోతుంది, చూడ్డానికి మాత్రం చక్రం బాగానే కనిపిస్తుంది. సెల్ఫీ కెమెరాతో తీస్తే ఇంకో చిక్కు, కుడి ఎడమలు తారుమారవుతాయి. అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉన్నాయంటే ఎడిటింగ్‌లో ఫ్లిప్ చేశాకే పని మొదలుపెట్టండి.

## గడుల దగ్గర

గడుల్లో రాశుల పేర్లే లేవు. ఏ గడి ఏ రాశో ఎలా తెలుస్తుంది?

తెలుగువాళ్లు వేసే చతురస్ర చక్రంలో రాశులు ఎప్పుడూ కదలవు. పైవరసలో ఎడమ మూల గడి మీనం. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కుగా వెళ్లాలి. పైవరసలో మీనం, మేషం, వృషభం, మిథునం. కుడి పక్క కిందికి దిగుతూ కర్కాటకం, సింహం. కుడి కింది మూల కన్య. అక్కడి నుంచి ఎడమకు తుల, వృశ్చికం, ఎడమ కింది మూలలో ధనుస్సు. ఎడమ పక్క పైకి ఎక్కుతూ మకరం, కుంభం.

నాలుగు మూలలూ గుర్తుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి: మీనం, మిథునం, కన్య, ధనుస్సు. మేషం మొదటి రాశి కదా అని ఎడమ మూలలో మేషం పెట్టి మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అలా చేస్తే పన్నెండు గడులూ ఒక్కోటి తప్పుతాయి.

మాకు వచ్చిన చక్రం గడులుగా లేదు, వజ్రాల్లా త్రికోణాల్లా ఉంది. లోపల అంకెలున్నాయి. ఇదెలా చదవాలి?

అది ఉత్తరాది పద్ధతి. అక్కడ లెక్క తలకిందులు. మన చక్రంలో రాశి స్థిరం, లగ్నం ఎక్కడైనా పడుతుంది. వాళ్ల చక్రంలో ఇల్లు స్థిరం, రాశి మారుతుంది. పైభాగం మధ్యలో ఉన్న వజ్రం ఎప్పుడూ ఒకటో ఇల్లు, అంటే లగ్నం. అక్కడి నుంచి ఎడమవైపుకు, అంటే గడియారానికి ఎదురు దిక్కులో రెండు, మూడు అని లెక్కపెట్టాలి. ఎడమ వజ్రం నాలుగు, కింది వజ్రం ఏడు, కుడి వజ్రం పది.

లోపల కనిపించే అంకె ఇంటి సంఖ్య కాదు, రాశి సంఖ్య. 1 అంటే మేషం, 2 వృషభం, అలా 12 మీనం. పై వజ్రంలో 2 అని ఉంటే ఆ జాతకుడిది వృషభ లగ్నం. మన చక్రంలోకి మార్చేటప్పుడు వజ్రాల ఆకారం మర్చిపోయి అంకెను మాత్రమే పట్టుకోండి. 4 పక్కన ఏ గ్రహముంటే అది కర్కాటక గడిలోకి, 7 పక్కన ఉన్నది తుల గడిలోకి వెళ్తుంది. చివర్లో పై వజ్రంలోని అంకె ఏ రాశిదో ఆ గడిలో లగ్నం వేస్తే పని పూర్తి.

ఒక గ్రహం పేరు సరిగ్గా గీత మీద ఉంది. ఏ గడిలో వేయాలి?

రాసినవారు గడిలో చోటు చాలక అక్షరాన్ని బయటికి తోసి ఉంటారు. కిక్కిరిసిన గడి ఏ వైపుందో చూడండి, ఆ గ్రహం చాలావరకు దానిదే. ఒక గడిలో నాలుగు గ్రహాలుండి పక్క గడి పూర్తి ఖాళీగా ఉంటే సందేహం అక్కర్లేదు. రెండు గడులూ ఖాళీగానే ఉంటే మాత్రం ఊహించొద్దు. రెండు రాశుల పేర్లూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, అసలు కాగితం ఉన్నవారిని అడగండి.

## అక్షరాల దగ్గర

'కు', 'గు', 'శు', 'శ' అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది ఏ గ్రహం?

తెలుగు చక్రంలో వాడుకగా ఇలా ఉంటాయి: ర రవి, చం చంద్రుడు, కు కుజుడు, బు బుధుడు, గు గురుడు, శు శుక్రుడు, శ శని, రా రాహువు, కే కేతువు, ల లగ్నం. కొందరు కుజుడికి 'అం' లేదా 'మం' అనీ, గురుడికి 'బృ' అనీ రాస్తారు. 'మం' అంటే మంగళుడు, తొమ్మిది గ్రహాల్లో చేరని మాంది అనే ఉపగ్రహం కాదు. మాందికి 'మాం' అని దీర్ఘం ఉంటుంది.

పాత చేతిరాతలో కొమ్ము చెరిగిపోతే 'శు' కాస్తా 'శ' అయిపోతుంది. అప్పుడు నేను చేసే పని ఒకటుంది. పేజీ మొదట్లో 'శ్రీరస్తు శుభమస్తు' అని ఉంటుంది కదా, అందులోని 'శు'ని జూమ్ చేసి చూస్తాను. 'శుక్ల పక్షం' అని ఉన్నా, వారం దగ్గర 'గురువారం' అని ఉన్నా అదీ పనికొస్తుంది. ఆ చేతికి ఆ అక్షరం ఎలా వస్తుందో తెలిశాక గడిలోని అక్షరం తనంతట తనే విడిపోతుంది.

అప్పటికీ తేలకపోతే రవిని ఆధారం చేసుకోండి. శుక్రుడు రవికి సుమారు 48 డిగ్రీలకు మించి దూరం పోడు కాబట్టి రవి గడికి అటు రెండు, ఇటు రెండు గడుల లోపే ఉండాలి. శనికి అలాంటి కట్టుబాటు లేదు. రవి మేషంలో ఉండి, ఆ అనుమానపు అక్షరం తులలో ఉంటే అది శుక్రుడు కాలేడు.

'ర' ఎవరు, 'రా' ఎవరు? దీర్ఘం సరిగ్గా కనిపించడం లేదు.

ర రవి, రా రాహువు. ముందు 'కే' కోసం వెతకండి, అది వేరే దేనితోనూ కలవదు. కేతువున్న గడికి ఎదురు గడిలో, అంటే దాన్నే ఒకటిగా లెక్కపెడితే ఏడో గడిలో ఉన్నది రాహువు. మిగిలింది రవి. రవిని పుట్టిన నెలతో కూడా సరిచూడొచ్చు. రవి సుమారు ఏప్రిల్ 14న మేషంలోకి వస్తాడు, నెలకో రాశి చొప్పున నడిచి జనవరి 14 ప్రాంతంలో మకరంలోకి వస్తాడు. మనం సంక్రాంతి చేసుకునేది అందుకే.

తమిళం, మలయాళం చక్రాలు వస్తే అవే అక్షరాలు అనుకోవచ్చా?

గడుల అమరిక ఒకటే, అక్షరాలు మాత్రం మోసం చేస్తాయి. తమిళ చక్రంలో 'కు' అని చదివేది గురువు. కుజుడికి వాళ్లు 'సెవ్వాయ్' అంటారు కాబట్టి 'సె' అని రాస్తారు. తమిళ లిపి చదవడం వచ్చిన తెలుగువాళ్లే 'కు' చూడగానే కుజుడని వేసేస్తారు, దాంతో లేని కుజదోషం పుట్టుకొస్తుంది. సూర్యుడు 'సూ', శుక్రుడు 'సు', రెండింటికీ తేడా దీర్ఘమొక్కటే. మలయాళంలో 'మ' అంటే మందుడు, అంటే శని. 'స' సర్పం, రాహువు. 'శి' శిఖి, కేతువు. 'మా' ఉంటే అది మాంది. కన్నడ చక్రానికి మాత్రం మన అక్షరాలతో పెద్ద తేడా ఉండదు.

కంప్యూటర్ ప్రింటులో Ma, Me, Mo అని ఉన్నాయి. వీటిని ఎలా రాయాలి?

`Ma` కుజుడు, `Me` బుధుడు, `Mo` చంద్రుడు. `Su` రవి, `Ju` గురుడు, `Ve` శుక్రుడు, `Sa` శని, `Ra` రాహువు, `Ke` కేతువు. లగ్నం `As` లేదా `La` అని ఉంటుంది. `Ra` చూసి రవి అనుకోవడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. `Ur`, `Ne`, `Pl` కనిపిస్తే అవి యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో. మన సంప్రదాయ చక్రంలో వాటికి చోటు లేదు, కావాలంటే విడిగా రాసుకోండి.

గ్రహం పక్కన 'వ' అని, అంకెలని ఏవేవో ఉన్నాయి. అవీ రాయాలా?

'వ' లేదా ప్రింటులో `(R)` అంటే వక్రం, గ్రహం వెనక్కి నడుస్తోందని. అది వేరే గ్రహం కాదు, ఆ గ్రహానికే చెందిన గుర్తు. `శ(వ)` అని కలిపి రాయండి. రాహుకేతువులు మామూలుగా వక్రగతిలోనే ఉంటారు కాబట్టి వాటికి ఈ గుర్తు కొందరు వేస్తారు, కొందరు వేయరు. అంకెలు 0 నుంచి 29 మధ్య ఉంటే సాధారణంగా డిగ్రీలు, వాటిని వదలొద్దు.

అన్నీ రాశాక ఎన్ని ఉండాలి?

తొమ్మిది గ్రహాలు, ఒక లగ్నం, మొత్తం పది. తొమ్మిదే వస్తే ఏదో గడిలో ఒక అక్షరం మరో అక్షరం కింద దాక్కుంది. పదకొండు వస్తే మాందినో వక్ర గుర్తునో గ్రహంగా లెక్కేశారు.

## ఇళ్ల లెక్క దగ్గర

ఒకటో ఇల్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

'ల' అని ఉన్న గడి నుంచి. కొందరు అక్షరం రాయకుండా ఆ గడి మూలలో ఏటవాలుగా ఒక గీత గీస్తారు. దాన్ని కాగితం మడతో, కొట్టివేతో అనుకుని వదిలేయకండి. లగ్నమున్న గడే ఒకటి, దాని తర్వాతి గడి రెండు. తర్వాతి గడిని ఒకటిగా మొదలుపెట్టకూడదు. దిక్కు ఎప్పుడూ గడియారం ముల్లుదే.

అందరికీ తెలిసిన చక్రంతో చూద్దాం. 1947 ఆగస్టు 15, అర్ధరాత్రి, ఢిల్లీ. స్వతంత్ర భారతదేశానికి జ్యోతిష్కులు వేసే చక్రం ఇది. ఒకే గడిలో ఐదు గ్రహాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి సాధన చేయడానికి బాగుంటుంది.

| | | | |
|---|---|---|---|
| మీనం | మేషం | వృషభం: ల, రా | మిథునం: కు |
| కుంభం | | | కర్కాటకం: ర, చం, బు, శు, శ |
| మకరం | | | సింహం |
| ధనుస్సు | వృశ్చికం: కే | తుల: గు | కన్య |

లగ్నం వృషభంలో ఉంది కాబట్టి వృషభమే ఒకటో ఇల్లు, అందులో రాహువు. మిథునం రెండు, కుజుడు. కర్కాటకం మూడు, ఐదుగురు అక్కడే. సింహం నాలుగు, కన్య ఐదు, రెండూ ఖాళీ. తుల ఆరు, గురుడు. వృశ్చికం ఏడు, కేతువు. ధనుస్సు నుంచి మేషం దాకా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు దాకా, అన్నీ ఖాళీ. పన్నెండో ఇల్లు లగ్నానికి సరిగ్గా వెనక గడిలో పడితే లెక్క సరిపోయినట్టే. పది అంశాలూ వచ్చాయా? ల, రా, కు, ర, చం, బు, శు, శ, గు, కే. వచ్చాయి.

గడులు గీయకుండా ఫోన్‌లో టైప్ చేయాలంటే ఏ రూపం మంచిది?

రాశి పేరును ముందు పెట్టి, ఇంటి సంఖ్యను తర్వాత పెట్టండి. ఖాళీ గడులను కూడా రాయండి. లేకపోతే అవతలివారికి అది నిజంగా ఖాళీయో, మీరు మర్చిపోయారో తెలియదు.

```
వృషభం (1): ల, రా
మిథునం (2): కు
కర్కాటకం (3): ర, చం, బు, శు, శ
సింహం (4): -
```

'3లో శని' అని మాత్రమే పంపితే ఒకరు మూడో ఇల్లు అనుకుంటారు, ఇంకొకరు మూడో రాశి మిథునం అనుకుంటారు. ఒకసారి ఇలాగే రాసి పంపితే, అమ్మాయి వాళ్ల సిద్ధాంతిగారు వేరే చక్రం వేసుకుని కూర్చున్నారు. రెండు రోజుల టెన్షన్ తర్వాత గానీ తేలలేదు.

## సరిచూసుకునేటప్పుడు

రాసింది సరైనదేనని పండితుణ్ణి అడగకుండా తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు. రాహుకేతువులు ఎదురెదురుగా ఉన్నారా, బుధుడు రవికి ఒక గడి లోపు, శుక్రుడు రెండు గడుల లోపు ఉన్నారా చూడండి. ఆ తర్వాత చంద్రుణ్ణి నక్షత్రంతో పోల్చండి. ఒక్కో రాశికి తొమ్మిది పాదాలు. అశ్విని, భరణి, కృత్తిక 1 కలిపి మేషం. కృత్తిక 2, 3, 4, రోహిణి, మృగశిర 1, 2 కలిపి వృషభం. ఇలా సాగుతుంది. కృత్తిక అనగానే మేషం అని వేసేయకండి, పాదం చూడాలి.

నక్షత్రం పేరే చెరిగిపోతే దశ శేషం సాయం చేస్తుంది. పుట్టినప్పుడు శని మహాదశ నడుస్తోందని ఉంటే నక్షత్రం పుష్యమి, అనూరాధ, ఉత్తరాభాద్ర ఈ మూడింటిలో ఒకటి. ఈ మూడూ పూర్తిగా ఒక్కో రాశిలోనే ఇమిడిపోతాయి కాబట్టి చంద్రుడు కర్కాటకం, వృశ్చికం, మీనం గడుల్లో ఒకదానిలోనే ఉండాలి. 1947 చక్రంలో నక్షత్రం పుష్యమి, చంద్రుడు కర్కాటకంలో, రవితో ఒకే గడిలో. మర్నాడే అమావాస్య కాబట్టి అదీ కుదురుతుంది.

ఈ పరీక్షలు కుజ, గురు, శనులను పట్టుకోలేవు. వాళ్లు రవికి ఎంత దూరంలోనైనా ఉండొచ్చు. వాళ్లను పుట్టిన సంవత్సరపు పంచాంగంతోనో యాప్‌తోనో పోల్చుకోవాలి.

లగ్నం చెరిగిపోయింది కానీ పుట్టిన సమయం ఉంది. పట్టుకోవచ్చా?

ఉజ్జాయింపుగా పట్టుకోవచ్చు. సూర్యోదయానికి లగ్నం రవి ఉన్న రాశిలోనే ఉంటుంది. అక్కడి నుంచి సుమారు రెండు గంటలకో రాశి చొప్పున ముందుకు జరుగుతుంది. పాత జాతకాల్లో సమయం గంటల్లో కాకుండా సూర్యోదయాది ఘడియల్లో ఉంటుంది. ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి ఐదు ఘడియలకో రాశి అని లెక్కేసుకోండి.

1947 చక్రంలో సూర్యోదయం నుంచి అర్ధరాత్రికి సుమారు 18 గంటలు, అంటే తొమ్మిది రాశులు. కర్కాటకం నుంచి తొమ్మిది ముందుకు జరిగితే మేషం వస్తుంది, కానీ అసలు లగ్నం వృషభం. ఎందుకంటే ఆ రోజు రవి కర్కాటకం చివర్లో, 28వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. రాశి చివరి నుంచి మొదలైన లెక్క ఇంకో రాశిలోకి జారింది. అందుకే ఈ పద్ధతితో ఒక గడి అటూ ఇటూ అవుతుంది. ఫోటోలో సగం కనిపిస్తున్న 'ల' నిజమేనా అని నిర్ధారించుకోవడానికి వాడండి, లగ్నాన్ని కొత్తగా వేయడానికి వాడొద్దు.

యాప్‌లో తేదీ, సమయం వేస్తే ఒక గ్రహం పక్క గడిలో వచ్చింది. కాగితం తప్పా, యాప్ తప్పా?

ముందు మీ టైపింగ్ తప్పు కాదని ఫోటోతో మరోసారి చూసుకోండి. ఆ తర్వాత కూడా ఒకే ఒక్క గ్రహం, అదీ పక్క గడిలోకే మారితే, ఆ గ్రహం రాశి సరిహద్దులో ఉండి ఉంటుంది. పూర్వ పద్ధతి పంచాంగంతో వేసిన జాతకానికీ గ్రహాలు ఆకాశంలో నిజంగా కనిపించే చోటును లెక్కించే దృగ్గణితంతో నడిచే యాప్‌కీ సరిహద్దుల్లో తేడా వస్తుంది. యాప్‌లో ఎంచుకున్న అయనాంశ, అంటే రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే సవరణ, మారినా అంతే. లగ్నమే మారితే సమయాన్ని అనుమానించండి. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ మధ్య వరకు యుద్ధం కారణంగా మన దేశంలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపి ఉన్నాయి. ఆ కాలంలో పుట్టిన పెద్దవాళ్ల జాతకాల్లో ఆ గంట తేడా లగ్నాన్ని ఒక గడి కదిలించగలదు.

గ్రహాలు గుంపుగా మారితే మాత్రం అది గణితం తేడా కాదు. ఫోటో తిరిగి ఉంటుంది, లేదా మీరు నవాంశ చూసి రాసి ఉంటారు.

ఏదైనా సరే, దించుకునేటప్పుడు కాగితంలో ఉన్నదే రాయండి. యాప్ చెప్పింది కింద విడిగా 'యాప్ ప్రకారం' అని రాయండి. రెండింటినీ కలిపి ఒక చక్రం చేస్తే, ఆ తర్వాత ఏ గ్రహం ఎక్కడి నుంచి వచ్చిందో మీకే గుర్తుండదు.